స్లిప్‌కి ‘జారుడు’ సరిపోతుందా?

సుజాత: విద్యుత్ కార్ల మోటార్ల మీద తెలుగులో వ్యాసం రాస్తున్నాను. ఇండక్షన్ మోటారు గురించి ‘స్లిప్ లేకపోతే టార్క్ లేదు’, అంటే తిప్పే బలమే రాదు, అని చెప్పాల్సిన చోట ఆగిపోయాను. ‘జారుడు’ అంటే పాఠకులకు ఏం తడుతుంది?

ప్రసాద్: జారుడు సరిగ్గా సరిపోతుందండీ. తడి రోడ్డు మీద టైరు పట్టు తప్పి తిరగడమేగా.

వేణుగోపాల్: సుజాత గారి భయం నిజమే అనిపిస్తోంది! ప్రసాద్ గారూ, ఆ జారుడు టైరుకీ రోడ్డుకీ మధ్యది. ఇది మోటారు లోపలి సంగతి, అక్కడ తిరిగే భాగమైన రోటరూ, కదలకుండా ఉండే స్టేటరూ ఒకదాన్నొకటి తాకనే తాకవు.

నాలుగు ధ్రువాల మోటారు తీసుకోండి. స్టేటరుకి 100 హెర్ట్జ్ కరెంటు ఇస్తే అయస్కాంత క్షేత్రం నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంది. రోటరు 2940 దగ్గర ఉందనుకుందాం. ఆ 60 చుట్ల తేడాయే స్లిప్. దాని వల్లే క్షేత్రం రోటరు కడ్డీలను దాటిపోతూ వాటిలో కరెంటు పుట్టిస్తుంది. ఆ కరెంటును క్షేత్రం నెట్టడమే టార్క్. రోటరు కూడా 3000 అందుకుందా, కడ్డీలు క్షేత్రంతో పాటే నడుస్తాయి, కరెంటు ఆగిపోతుంది, టార్క్ పోతుంది. జారడం ఎక్కడా లేదు. నేనైతే ‘వెనకబాటు’ అంటాను.

శారద: బాగుంది. అయితే పర్మనెంట్ మాగ్నెట్ మోటారుకీ అదే మాట వాడేయొచ్చు. దాంట్లోనూ లోడు పడితే రోటరు క్షేత్రం కన్నా వెనకపడుతుంది కదా.

వేణుగోపాల్: సగం ఒప్పుకుంటాను శారద గారూ. వెనకపడుతుంది, కానీ కోణంలో. వేగంలో కాదు. క్షేత్రం 3000 చుట్లు తిరుగుతుంటే ఆ రోటరూ సరిగ్గా 3000 తిరుగుతుంది, రెండింటి మధ్య ఒక కోణం మాత్రం అలాగే నిలిచి ఉంటుంది. రోటరులో అయస్కాంతం ముందే ఉంది కనుక కరెంటు పుట్టించుకునే పని లేదు. ఆ కోణం సున్నా అయితే ఎంత కరెంటు పంపినా టార్క్ రాదు. అయస్కాంతాలు రోటరు పైపొరలో ఉన్న మోటారులో 90 విద్యుత్ డిగ్రీల దగ్గర టార్క్ గరిష్ఠం; ఒక జత ధ్రువాలను 360గా లెక్కించేవే విద్యుత్ డిగ్రీలు. లోపల పొదిగినవాటిలో ఇనుము కూడా కొంత టార్క్ ఇస్తుంది కాబట్టి ఆ గరిష్ఠం 90 దాటాక వస్తుంది.

అందుకే ఈ మోటారుకి రోటరు ఎక్కడుందో చెప్పే సెన్సరు అంత ముఖ్యం. పైపొర అయస్కాంతాల మోటారులో దాని సున్నా స్థానం 60 విద్యుత్ డిగ్రీలు తప్పితే అదే కరెంటుకి సగం టార్కే వస్తుంది. 90 దాటి తప్పితే మోటారు ఎదురు దిశలో లాగుతుంది. ఎనిమిది ధ్రువాలుంటే 60 విద్యుత్ డిగ్రీలంటే ఇరుసు మీద 15 డిగ్రీలే. బిగింపులో చిన్న పొరపాటు చాలు.

సుజాత: ఇండక్షన్‌లో అలాంటి తప్పు ఎక్కడ వస్తుంది?

వేణుగోపాల్: వేడి దగ్గర. రోటరు రాగి 100 డిగ్రీలు వేడెక్కితే దాని నిరోధం దాదాపు 39 శాతం పెరుగుతుంది. అప్పుడు అదే క్షేత్రంతో అదే టార్క్ రావాలంటే 60 చుట్ల తేడా 83 దాకా పెరగాలి. కంట్రోలరు ఇంకా చల్లటి రోటరు లెక్కనే పట్టుకుని కూర్చుంటే అడిగిన టార్క్ ఒకటి, వచ్చేది ఒకటి. పైగా క్షేత్రం రోటరుకి అందించే శక్తిలో ఆ తేడా శాతమంతా రోటరులోనే వేడిగా పోతుంది: 3000లో 60 అంటే 2 శాతం, 50 కిలోవాట్లకి అది ఒక కిలోవాటు. అయస్కాంతపు రోటరుకి ఈ ఖర్చు లేదు.

ప్రసాద్: నా కారు మాన్యువల్‌లో చక్రాలు నేల మీద ఉంచి లాక్కెళ్లొద్దని రాశారు. అదీ ఇందుకేనా?

వేణుగోపాల్: మీ కారులో ఏ మోటారో తెలియదు గానీ, అయస్కాంతాలుంటే అదో కారణం. వాటిని ఆపేయలేం. చక్రం తిరిగితే మోటారు వోల్టేజి పుట్టిస్తూనే ఉంటుంది. ఇండక్షన్ మోటారుకి స్టేటరు కరెంటు తీసేస్తే క్షేత్రం ఉండదు, ఊరికే తిరుగుతుంది. టెస్లా మోడల్ 3 రెండు మోటార్ల కారులో ముందు ఇండక్షన్, వెనక అయస్కాంతం పెట్టడంలో ఈ సౌకర్యం ఉంది: అవసరం లేనప్పుడు ముందుదాన్ని వదిలేయొచ్చు. మాన్యువల్ మాట మాత్రం వినండి, గేర్ల కారణాలూ ఉండొచ్చు.

శారద: వేణుగోపాల్ గారూ, మీ ‘వెనకబాటు’కి నాదో అభ్యంతరం. బ్రేకు వేసి బ్యాటరీకి కరెంటు తిరిగి పంపేటప్పుడు ఇండక్షన్ రోటరు క్షేత్రం కన్నా ముందుంటుంది కదా? 3060 చుట్లు తిరిగేదాన్ని వెనకబడిందని ఎలా అంటాం?

వేణుగోపాల్: దెబ్బ కొట్టారు. లెక్కల్లో అది రుణ స్లిప్, కానీ ‘రుణ వెనకబాటు’ అంటే చెవికి ఎక్కదు.

శారద: ‘వేగభేదం’ అనండి. ముందున్నా వెనకున్నా చెల్లుతుంది.

వేణుగోపాల్: భేదం అంటే చుట్లలో తేడానా, శాతమా? స్లిప్ అని రాసేది ఎక్కువగా శాతమే.

సుజాత: మొదటిసారి వచ్చినచోట ‘స్లిప్, అంటే క్షేత్రానికీ రోటరుకీ ఉన్న వేగభేదం’ అని రాసి, ఆ తర్వాత స్లిప్ అనే ఉంచేస్తాను. అయస్కాంతం మోటారులోని కోణానికి మాత్రం ‘వెనకబాటు కోణం’ అనాలనుంది.

శారద: బ్రేకు వేసినప్పుడు అదీ ముందుకే పోతుందండోయ్.