అరవై దాటినవారి ఎత్తు ఏది తీసుకోవాలి?

విజయనగరం తీర పల్లెల సర్వే డేటా చూస్తున్నాను. పది లక్షల మందికి పైగా ఉన్న 2012 విశ్లేషణలో ఎత్తు 6.5 సెంటీమీటర్లు ఎక్కువైతే గుండె, రక్తనాళాల జబ్బులతో చనిపోయే ప్రమాదం సుమారు 6 శాతం తక్కువ, క్యాన్సర్‌తో 4 శాతం ఎక్కువ. నా లెక్కలో మాత్రం పొట్టివాళ్లకు గుండెజబ్బు అంతకంటే చాలా ఎక్కువగా వస్తోంది. నమ్మబుద్ధి కావట్లేదు.

ఆడ, మగ విడదీశాను. వయసు, చదువు, చుట్ట (ఇక్కడ ఆడవాళ్ల అడ్డపొగ కూడా) సర్దుబాటు చేశాను. తేడా కొంతే తగ్గింది. అరవై దాటినవారిని తీసేస్తే దాదాపు పోతోంది, కానీ జబ్బు ఉన్నవాళ్లలో ఎక్కువమంది వాళ్లే. వెన్ను కుంగి తగ్గిన ఎత్తునే కొలిచామని నా అనుమానం. మోకాలి ఎత్తు కొలతలు కూడా ఉన్నాయి.

వాళ్లకు నిలువెత్తు బదులు మోకాలి ఎత్తునే నేరుగా వాడితే సరిపోతుందా?