అప్‌డేట్: క్లాత్ ప్యాడ్ల వాసన పోయింది

నా ప్రశ్న: "చెత్త తగ్గుతుందని క్లాత్ ప్యాడ్లకి మారాను. ఎంత ఉతికినా మరక, వాసన పోవట్లేదు. ఏం చేయాలి?"

తప్పు నాదే. ముందే వేడినీళ్లు పోసేదాన్ని. దాంతో రక్తంలోని ప్రొటీన్ గడ్డకట్టి నూలుకి అతుక్కుపోతుందట. ఇప్పుడు మార్చిన వెంటనే చన్నీళ్లలో, నీళ్లు తేటగా వచ్చేదాకా పిండి, ఆ తర్వాతే సబ్బు పెడుతున్నా.

వాసనకి అసలు కారణం మాత్రం సరిగ్గా ఆరకపోవడం. పటమటలో మా బాల్కనీకి ఎండ రాదు. పైన పొడిగా ఉన్నా లోపలి పొర చెమ్మగానే ఉండేది. ఇప్పుడు మేడ మీద ఎండలో, తిరగేస్తూ ఆరేస్తున్నా (అత్తయ్య మొదట్లో మొహం చిట్లించారు). మధ్యలో గట్టిగా నొక్కితే చల్లగా తగిలిందంటే ఇంకా ఆరనట్టే.

ముసురు పట్టిన రోజుల్లో ప్యాడ్ల బదులు మెన్‌స్ట్రువల్ కప్పు వాడుతున్నా. నెలసరి అయ్యాక దాన్ని 5 నిమిషాలు మరిగించి, తుడిచి, గాలాడే గుడ్డసంచిలో పెడుతున్నా.