నీట్ పునశ్చరణకు చేతిరాత నోట్సా, టైపు చేసిన నోట్సా?

పొదిలి నుంచి ఒక అన్న:
మా చెల్లెలు నెల్లూరులో నీట్ లాంగ్‌టర్మ్ చదువుతోంది. నోట్సంతా ల్యాప్‌టాప్‌లోనే టైపు చేసుకుంది. చేత్తో రాస్తేనే గుర్తుంటుందని, మళ్లీ పుస్తకంలో రాసుకోమని మా నాన్నగారు పట్టుబడుతున్నారు. పరీక్షకు నాలుగు నెలలే ఉంది. ఏం చేయమంటారు?

ఒంగోలు, ఉపాధ్యాయిని:
మీ నాన్నగారి మాటే సరైనది. ల్యాప్‌టాప్‌లో నోట్సు రాసుకున్నవారి కంటే చేత్తో రాసుకున్నవారు భావనలకు సంబంధించిన ప్రశ్నలకు మెరుగ్గా జవాబిచ్చారని 2014లో మ్యూలర్, ఓపెన్‌హైమర్ అనే పరిశోధకులు చూపించారు. టైపు చేసేవారు వినిపించిన మాటను వినిపించినట్టే దించేస్తారు కాబట్టి బుర్రకు పని ఉండదు. నేడే ల్యాప్‌టాప్ పక్కన పెట్టించి మొత్తం రాయించండి.

కనిగిరి, గ్రూప్-2 అభ్యర్థి:
నేను రెండేళ్లుగా టైపు చేసిన నోట్సుతోనే చదువుతున్నాను. ఒక పథకం వివరాలు మారితే ఆ ఒక్క వరుస దిద్దుకుంటే చాలు, కావలసిన పేరు కొట్టగానే ఎదుట కనిపిస్తుంది. పుస్తకంలో అయితే కొట్టివేతలే మిగిలేవి.

కావలి, విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకుడు:
కనిగిరి తమ్ముడు చెప్పింది వర్తమానాంశాలకు నూటికి నూరుపాళ్లు నిజం, కానీ కర్బన రసాయనంలో వరుసలు మారవు, వెతుక్కునే అవసరమూ తక్కువ. అమ్మా, మీరు చెప్పిన పరిశోధన ఉపన్యాసం వింటూ నోట్సు రాసుకోవడం గురించినది. దాన్నే 2021లో మరికొందరు తిరిగి చేసి చూసినప్పుడు, టైపు చేసేవారు ఎక్కువ మాటలు యథాతథంగా దించడం మళ్లీ కనిపించింది గానీ, పరీక్ష ఫలితంలో ఆ తేడా కనిపించలేదు. పైగా ఈ అమ్మాయి పాఠం వినే దశ దాటింది. ఇప్పుడు చూడవలసింది, నోట్సు మూసిన తరువాత కాగితం మీద ఏమి తేలుతుందన్నది.

ఒక ఉదాహరణ చెబుతాను. ఆల్డాల్ సంఘననం గురించి టైపు నోట్సులో సాధారణంగా "ఆల్ఫా హైడ్రోజన్ ఉండాలి, విలీన NaOH, వేడి చేస్తే నీరు పోతుంది" అన్న ఒక్క వరుస ఉంటుంది. అది చదివిన పిల్లకు అంతా వచ్చినట్టే అనిపిస్తుంది, CH3CHO ఇస్తే CH3CH=CHCHO అని రాస్తుంది కూడా. అదే పిల్లకు CH3CH2CHO ఇచ్చి చూడండి, చివరనున్న CH3ను కలిపి ఆరు కర్బనాల తిన్నని గొలుసు గీస్తుంది. నిజానికి ఆల్ఫా కర్బనం మధ్యలోని CH2 కనుక కొత్త బంధం అక్కడే ఏర్పడుతుంది, CH3 పక్కకు శాఖగా మిగులుతుంది, ఉత్పన్నం CH3CH2CH=C(CH3)CHO అవుతుంది. తప్పుగా గీసిన గొలుసు కూడా ఐచ్ఛికాల్లో ఒకటిగా ఉంటుంది, పిల్లలు దాని దగ్గరే దొరికిపోతారు. ఏ కర్బనం ఏ కర్బనాన్ని పట్టుకుంటుందో వేలితో బాణం గీసినప్పుడు తెలిసినంతగా కీబోర్డు మీద తెలియదు, ఎందుకంటే నిర్మాణం గీయడం కష్టమై అందరూ దాన్ని మాటల్లోకి మార్చేస్తారు.

కాబట్టి నోట్సు మొత్తాన్ని పుస్తకంలోకి ఎక్కించవద్దు. చూసి రాయడం నాలుగు నెలల్లో మూడు వారాలు మింగేస్తుంది, మిగిలేది చేతినొప్పి. రోజూ ఒక అధ్యాయం తీసుకుని, ల్యాప్‌టాప్ మూసి, తెల్లకాగితం మీద గుర్తున్న చర్యలన్నీ గీయించండి. తరువాత తెరిచి, తప్పినవి ఎర్ర పెన్నుతో దిద్దుకోమనండి. వారం తరువాత ఎర్ర పెన్ను పడ్డవి మాత్రమే మళ్లీ గీస్తే చాలు. మాక్ టెస్టులో కారకం సరిగ్గా గుర్తించి ఉత్పన్నం తప్పు పెడుతున్నదంటే, ఆ అధ్యాయం ఇంకా మాటల్లోనే ఉన్నదని గుర్తు.

పొదిలి నుంచి ఒక అన్న:
నిన్నటి మాక్ టెస్టు కాగితం తీసి చూశాను సార్, మీరన్నట్టే కర్బన రసాయనంలో పోయిన ప్రశ్నలు చాలావరకు ఉత్పన్నం అడిగినవే. జీవశాస్త్రం మాత్రం ఎన్సీఈఆర్టీ వాక్యాలతో పట్టికలుగా టైపు చేసుకుంది, అందులో మార్కులు బాగానే వస్తున్నాయి. దాన్ని కూడా మార్చాలా?

కావలి, విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకుడు:
మార్కులు వస్తున్న చోట చెయ్యి పెట్టవద్దనే నా అభిప్రాయం. పట్టికలో ఒక నిలువు వరుస దాచి అడిగించుకుంటే చాలు.

ఒంగోలు, ఉపాధ్యాయిని:
ఆ పరిశోధన పరిధి గురించి మీరు చెప్పింది ఒప్పుకుంటున్నాను సార్. అయితే జీవశాస్త్రాన్ని అంత తేలికగా వదలలేను. వృక్కనాళిక భాగాలను పట్టికలో వరుసగా చదివిన పిల్లలు, హెన్లీ శిక్యంలో ఏ భుజం నీటిని వదులుతుంది, ఏ భుజం లవణాలను వదులుతుంది అన్న చోట తడబడటం నా తరగతిలోనే చూశాను. పటాలున్న అధ్యాయాలు చేత్తో గీయవలసిందే.

కావలి, విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకుడు:
అది మీరు రోజూ చూస్తున్న విషయం, కాదనలేను. కానీ అన్ని పటాలూ గీస్తూ కూర్చుంటే భౌతికశాస్త్రం లెక్కలకు సమయం ఎక్కడిది? ఏ పటాలు గీయాలో మీరే ఎంచి చెప్పండమ్మా.