కార్డు మీద వచ్చిన 1,800 రూపాయలు కౌంటరు మీద వస్తాయా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
గజపతి, రాయగడ జిల్లాల్లో 90 మంది తెలుగువాళ్లతో స్మార్ట్‌ఫోన్ల మీద కంజాయింట్ సర్వే చేశాను, అంటే లక్షణాలను రకరకాలుగా కలిపి చూపించి ఏది ఎంచుకుంటారో అడిగే సర్వే. ఒక్కొక్కరికి 10 కార్డులు చూపించాను. ప్రతి కార్డు మీదా మూడు ఫోన్లు, నాలుగోది ‘ఏదీ వద్దు’. బ్రాండు పేర్లు పెట్టలేదు. ఆ ఎంపికల నుంచి ఇష్టాలను అంచనా వేసే లాజిట్ నమూనాలో వచ్చిన యుటిలిటీలు, అంటే ఒక్కో లక్షణం జనానికి ఎంత నచ్చిందో చెప్పే అంకెలు, ఇవి:

```
ధర       10000: +0.8   13000: +0.1   16000: -0.9
ర్యామ్     4: -0.6       6: +0.1       8: +0.5
బ్యాటరీ    5000: -0.3    6000: +0.3
```

దీని ప్రకారం పెద్ద బ్యాటరీకి జనం 1,800 రూపాయలు ఎక్కువ ఇస్తారు. నాకు సాయం చేసిన దుకాణం యజమాని మాత్రం 500 కూడా ఇవ్వరంటున్నారు. సర్వేను నమ్మాలా, కౌంటరును నమ్మాలా?

నాగావళి ఒడ్డు (రాయగడ):
చెల్లీ, నేను ఫోన్ల దుకాణం నడుపుతున్నాను. మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది మొత్తం ధర అడగరు. ‘ఇప్పుడు ఎంత కట్టాలి, నెలకు ఎంత’ అని రెండే ప్రశ్నలు. ఒకసారి పెద్ద బ్యాటరీ ఉన్న ఫోను బాగా పోతుందని నమ్మి ఎక్కువ సరుకు దించుకున్నాను. అడిగినవాళ్లందరూ బ్యాటరీని మెచ్చుకున్నారు. పెట్టె చేతిలోకి తీసుకుని బరువు చూశారు. ఆ ఫోనుకు వాయిదాల సదుపాయం లేదని తెలిశాక పక్కనున్న ఫోను పట్టుకుపోయారు. ఆ సరుకు వదిలించుకోవడానికి ధర తగ్గించాల్సి వచ్చింది. మీ దుకాణదారు చెప్పింది అనుభవం మీద చెప్పిన మాట. కాగితం మీద వేలు పెట్టడానికి డబ్బు ఖర్చు కాదు కదా.

వంశధార (గునుపురం):
ఇందులో గొడవపడడానికి ఏమీ లేదు. ప్రతి లక్షణానికీ ఎక్కువ, తక్కువ యుటిలిటీల మధ్య దూరం తీసుకోండి. ధరకు 1.7, ర్యామ్‌కు 1.1, బ్యాటరీకి 0.6. మొత్తం 3.4. అంటే ధర ప్రాధాన్యం 50 శాతం, ర్యామ్ 32, బ్యాటరీ 18. మన జనానికి ధరే సగం లెక్క. బ్యాటరీ సంగతి వదిలేసి అన్నిటికంటే చవక ఫోను తెప్పించమనండి.

గోపాలపురం కెరటం (బరంపురం):
వంశధార గారూ, మీ లెక్కలో తప్పు లేదు. చవక ఫోను తెప్పించమన్న తీర్మానం మాత్రం ఆ లెక్కలోంచి రాదు. ధరకు 50 శాతం ఎందుకు వచ్చింది? ఆ అమ్మాయి 10,000 నుంచి 16,000 వరకు చూపించింది కాబట్టి. అదే 12,500, 13,000, 13,500 అని చూపించి ఉంటే, మనుషులు వాళ్లే, అభిరుచులు అవే, అయినా ధర ప్రాధాన్యం అన్నిటికంటే కిందికి దిగేది. ఆ శాతం జనం మనసు ఒక్కదాన్నే చెప్పదు, మనం ఎంచుకున్న ఎల్లలను కూడా కలిపి చెబుతుంది. నేను ఈ పని చేసిన ఏళ్లలో ఎక్కువమంది బోల్తాపడింది ఇక్కడే.

ఇప్పుడు ఆ 1,800. ధర 13,000 నుంచి 16,000కు పెరిగితే యుటిలిటీ 1.0 పడిపోతోంది. బ్యాటరీ పెరిగితే 0.6 వస్తోంది. 3,000లో 0.6 వంతు 1,800. అలా వచ్చిందది. పోనీ 10,000 నుంచి 13,000 మధ్య చూడండి. అక్కడ యుటిలిటీ 0.7 మాత్రమే పడింది. అదే బ్యాటరీకి అక్కడ సుమారు 2,570 వస్తుంది. కాబట్టి మీ సంఖ్య మొదటి అడుగులోనే ఒకటి కాదు, రెండు.

అంతకన్నా ముఖ్యం, 1,800 అంటే వసూలు చేయగల ధర అని కాదు. 8 జీబీ ఫోన్లు రెండు పక్కపక్కన పెట్టాం అనుకోండి, బ్యాటరీ ఒక్కటే తేడా. రెండూ 13,000 అయితే పెద్ద బ్యాటరీది ఎంచుకునేవాళ్లు:

```
exp(0.6) / (exp(0.6) + 1) = 0.65
```

నూటికి 65 మంది. ఇప్పుడు పెద్ద బ్యాటరీ ఫోనుకు 14,800 పెట్టండి. బ్యాటరీ ఇచ్చిన 0.6ను ధర తినేస్తుంది, రెండు ఫోన్లూ జనాన్ని సగం సగం పంచుకుంటాయి. 1,800 చెప్పేది అంతే: ఆ ధర దగ్గర సగటు మనిషికి ఏది తీసుకున్నా ఒకటే. పక్క దుకాణంలో అదే బ్యాటరీ 13,000కే దొరికితే 14,800 ఇచ్చే మనిషి ఉండడు. కౌంటరులో అలాంటి పక్క దుకాణం ఎప్పుడూ ఉంటుంది. మీ దుకాణదారు 500 కూడా రావంటున్నది బహుశా ఈ పోటీ చూసే. అంటే ఇద్దరూ వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెబుతున్నారు.

అలాగని కౌంటరు చిట్టా చాలు అనను. దుకాణంలో ఖరీదైన ఫోనుకు ర్యామ్ ఎక్కువ, కెమెరా మెరుగు, అన్నీ కలిసే పెరుగుతాయి. మనిషి దేనికి డబ్బు పెట్టాడో ఆ చిట్టా విడదీసి చెప్పలేదు. 4 జీబీ, 6000 బ్యాటరీ, 16,000 అనే వింత కలయికను కార్డు మీదైతేనే చూపించగలం. 1971లో పాల్ గ్రీన్, విఠల రావు ఈ పద్ధతిని మార్కెటింగ్‌లోకి తెచ్చినప్పటి నుంచీ దాని బలం అదే.

కొలాబ్ నీడ (జయపురం):
మా అమ్మ ఊళ్లో ఒంటరిగా ఉంటుంది. గాలివాన వస్తే రెండు రోజులు కరెంటు ఉండదు. 13,000 లోపు 6000 బ్యాటరీ ఉన్న ఫోను మంచిదేనా? మీ సర్వేలో ఎక్కువమంది ఏ ఫోనుకు ఓటు వేశారో చెప్పండి, అదే కొంటాను.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
కొలాబ్ నీడ గారూ, ఇవి నిజమైన మోడళ్లు కావు, కార్డుల కోసం కూర్చిన కలయికలు. ఓట్లు లెక్కపెట్టలేదు. మీ అమ్మగారికి పెద్ద బ్యాటరీ సరైనదే అనిపిస్తోంది. సంతలో నాతో మాట్లాడిన పెద్దవాళ్లు కూడా కరెంటు మాటే ఎత్తారు.

కెరటం గారూ, మీరు చెప్పినట్టు వాటాలు లెక్కవేశాను, 65 వచ్చింది. తర్వాత పెద్ద బ్యాటరీ ఫోనునే నలుపు, నీలం అని రెండు రంగుల్లో పెట్టి చూశాను. రెండిటి వాటా కలిపితే 78కి చేరింది. రంగు వల్లనే ఇంత పెరుగుతుందని దుకాణదారుకు చెప్పవచ్చా?

గోపాలపురం కెరటం (బరంపురం):
చెప్పకు తల్లీ. ఆ 13 శాతం ఎక్కడా లేదు. ఇది ఎర్ర బస్సు, నీలి బస్సు చిక్కు అని పాత సంగతి. ఊరికి వెళ్లడానికి కారు, ఎర్ర బస్సు ఉన్నాయి. అలాంటిదే నీలి బస్సు ఒకటి వేస్తే అది ఎర్ర బస్సు జనాన్నే పంచుకోవాలి. కానీ మామూలు లాజిట్ లెక్క కారు జనాన్ని కూడా అదే నిష్పత్తిలో లాగేస్తుంది. 90 మందినీ కలిపి ఒకే సగటు మనిషిగా చేసి లెక్కించడం వల్ల ఇది ముదురుతుంది. ఒక్కొక్కరికి విడివిడిగా యుటిలిటీలు అంచనా వేసే పద్ధతి, హయరార్కికల్ బేయ్స్, ఉంది. దానితో చేసి చూడు. చిక్కు పూర్తిగా పోదు గానీ చాలా తగ్గుతుంది.

అసలు నేను అడగాలనుకున్నది వేరు. ఒకే కార్డును రెండుసార్లు చూపించావా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
చూపించాను. రెండో కార్డు, తొమ్మిదో కార్డు ఒకటే. 90 మందిలో 61 మంది రెండుసార్లూ ఒకే ఫోను ఎంచుకున్నారు. మీరు అడిగాక విడదీసి చూశాను. నేను చదివి వినిపించిన 38 మందిలో 31 మంది అదే ఎంచుకున్నారు. సొంతంగా చదువుకున్న 52 మందిలో 30 మందే.

కారణం నాకు ఇప్పుడు తెలుస్తోంది. కార్డులు తెలుగు లిపిలో అచ్చువేయించాను. ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో ఒడియా చదివిన పిల్లలే ఆ 52 మందిలో ఎక్కువ. ఒక అబ్బాయి బొటనవేలు కార్డు అడుగున ధర దగ్గరే ఆనించి, పై వరసల వైపు చూడకుండా పది కార్డులూ పూర్తిచేశాడు. ధరను నేనే పెద్ద అక్షరాల్లో వేయించాను. అతను తొందరలో ఉన్నాడనుకున్నాను. అతనికి పై వరసలు చదవడం రాలేదని అప్పుడు తట్టలేదు. చాలా బాధగా ఉంది.

38 మందితోనే మళ్లీ లెక్క వేస్తే ధర దూరం 1.7 నుంచి 1.2కు తగ్గింది, బ్యాటరీ 0.6 నుంచి 0.9కి పెరిగింది.

గోపాలపురం కెరటం (బరంపురం):
ఇది చాలా పనికొచ్చే విషయం. జనం నిలకడగా జవాబిస్తే మామూలుగా అన్ని యుటిలిటీలూ కలిసే పెద్దవవుతాయి. ఇక్కడ బ్యాటరీ పెరిగి ధర తగ్గింది. కాబట్టి నిలకడ ఒక్కటే దీనికి కారణం కాదు. పెద్ద అక్షరాల ధర కొంత బలాన్ని అక్రమంగా లాక్కుందని నా అభిప్రాయం.

వంశధార (గునుపురం):
ఒక్క మాట. ప్రాధాన్యం సంగతిలో నా తొందరపాటు ఒప్పుకుంటాను. కానీ ఆ 38 మందిని ఆమె ఎక్కడ కలిసింది? గునుపురం సంతలో అయితే వాళ్లు ఊళ్ల నుంచి వచ్చిన పెద్దవాళ్లు. కరెంటు పోయే చోట ఉండేవాళ్లకు బ్యాటరీ మీద మక్కువ ఎక్కువే ఉంటుంది. తేడా చదవడం వల్ల వచ్చిందో, మనుషులు వేరు కావడం వల్ల వచ్చిందో మీరు ఎలా తేల్చారు?

గోపాలపురం కెరటం (బరంపురం):
తేల్చలేదు, ఈ సమాచారంతో తేల్చలేం. మీరు పట్టుకున్నది సరైన చోటే. ఒడియా బడి పిల్లల్లో కొందరికి చదివి వినిపించి, సంతలో కొందరికి ఒడియా లిపి కార్డులిచ్చి మళ్లీ చేస్తేగానీ తెలియదు.

నాగావళి ఒడ్డు (రాయగడ):
మళ్లీ చేస్తే ధర స్థానంలో ‘ముందు కట్టేది, నెలకు కట్టేది’ వేయమ్మా. లేకపోతే మళ్లీ అదే తప్పు.

గోపాలపురం కెరటం (బరంపురం):
అన్నా, అక్కడే నాకు సందేహం. ముందు కట్టేది, నెల వాయిదా, నెలల సంఖ్య మూడూ పెడితే మొత్తం ధర వాటిలోనే దాగి ఉంటుంది. ఆ మూడు వరసలు మనసులో లెక్కవేసి ఎంచుకోవడం కష్టం. జనం ఒక వరస పట్టుకుని మిగతావి వదిలేస్తారు. వాయిదా మీద కొనేవాళ్లకు నెల మొత్తం ఒక్కటే, రొక్కం ఇచ్చేవాళ్లకు ధర ఒక్కటే చూపించమంటాను.

నాగావళి ఒడ్డు (రాయగడ):
నెల మొత్తం ఒక్కటే చూపిస్తే ముందు కట్టే 3,000 లేక వెనక్కి వెళ్లిపోయేవాళ్లు మీ లెక్కలోకి ఎలా వస్తారు? మా దుకాణంలో బేరం తెగిపోయేది ఎక్కువగా అక్కడే.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
అన్నా, మీ దుకాణం ముందు రెండు రోజులు కూర్చోనిస్తారా? వచ్చినవాళ్లలో సగం మందికి మీరు చెప్పిన కార్డు, సగం మందికి కెరటం గారు చెప్పిన కార్డు చూపిస్తాను. రెండు రకాలకూ ఒడియా లిపే, అందరికీ చదివి వినిపిస్తాను, ధర అక్షరాలు మిగతావాటంతే ఉంటాయి. కార్డు మీద వేలు పెట్టినవాళ్లు ఆ రోజు మీ దగ్గర నిజంగా ఏ ఫోను కొన్నారో కూడా పక్కన రాసుకుంటాను.

నాగావళి ఒడ్డు (రాయగడ):
రామ్మా. జీతాలు పడే వారంలో రా, మిగతా రోజుల్లో చూసిపోయేవాళ్లే ఎక్కువ.

వంశధార (గునుపురం):
జీతాల వారంలోనే చేస్తే సంతకు వచ్చేవాళ్లు మళ్లీ లెక్కలోంచి జారిపోతారు. వాళ్లకు జీతాలు ఉండవు.