సమస్యాపూరణం: “పేరు లేని బొమ్మ పేరు పెట్టె”

సంచాలకుడు: పక్కింటి పాపాయి బొమ్మను చంకనేసుకుని వచ్చింది. “దీని పేరేంటమ్మా?” అంటే “అదే చెప్తుంది, ఉండు” అంది. ఆ మాట చెవిలో పడగానే ఈ పాదం తట్టింది. బొమ్మకు, కనపడని నేస్తానికి పేరు పెట్టే ఆట వర్ణిస్తూ పూరించండి. వేదాంతం వద్దు.

పేరు లేని బొమ్మ పేరు పెట్టె

మేడమీద మాస్టారు: అందరికన్నా ముందు నాదే.

నొక్కగానె బొమ్మ నోరార కీచనె
పాప నవ్వి “కీచు” పలికె మరల
అమ్మ నాన్న గూడి యదె పేరటంచన
పేరు లేని బొమ్మ పేరు పెట్టె

చుక్కలముగ్గు: బాగుంది మాస్టారూ. బొమ్మ శబ్దం చేసింది, పాప దాన్ని తిరిగి పలికింది, పెద్దవాళ్లు ఆ తర్వాతే అందుకున్నారు. ఆ వరుస సరిగ్గా పట్టారు. మాటలు ఆలస్యమయ్యే పిల్లలతో పనిచేస్తుంటాను కాబట్టి చెబుతున్నా, చాలా ఇళ్లలో ఇది తలకిందులవుతుంది. అమ్మ ముందే ఒక పేరు పెట్టేసి, “అను, అను” అంటూ వెంటపడుతుంది.

ప్రాసభాసురుడు: మాస్టారు ఈసారి తప్పుల్లేకుండా రాశారంటే వాన పడాల్సిందే. పోయిన నెల గొడుగు సమస్యలో “ఱెక్క”కు “రేయి”తో యతి వేసింది మరిచిపోలేదు లెండి. ఇక నాది చూడండి. విరుపు ఎక్కడుందో చెప్పనక్కర్లేదు.

నీలి పెట్టెలోన నిదురించు బొమ్మను
ఏది పేరటన్న నెత్తె పెట్టె
అమ్మకపుడు తెలిసె నర్థము చక్కగా
పేరు లేని బొమ్మ పేరు “పెట్టె”

మేడమీద మాస్టారు: విరుపు భేష్. కానీ మొదటి పాదంలో ఓ పెట్టె, రెండో పాదంలో ఓ పెట్టె. నాలుగో పాదానికి వచ్చేసరికి మూత తీసే ఉంది, లోపల చూడ్డానికి ఏం మిగిలింది? రెండో పాదంలో పాప వేలు చూపి ఊరుకుంటే సరిపోయేది. గొడుగు సంగతంటారా, బండి ఱ మీద లాక్షణికులకే ఏకాభిప్రాయం లేదు. మీకెందుకండీ అంత తొందర?

చుక్కలముగ్గు: పద్యం సంగతి మీరిద్దరూ తేల్చుకోండి. అందులో పాప చేసిన పని మాత్రం నిజమే. మూడేళ్ల పిల్లలు పేర్లు ఎక్కడినుంచో ఏరుకురారు. ఎదురుగా ఉన్నది తీసుకుంటారు: దాని శబ్దం, రంగు, అది ఉండే చోటు. “పెట్టె” పెద్దవాళ్లకు పేరులా అనిపించదు, అంతే.

కికీబూబా: శబ్దానికీ ఆకారానికీ లంకె ఉంటుందండీ. గుండ్రంగా మెత్తగా ఉన్నదానికి బ, మ అక్షరాలు, కోసుగా ఉన్నదానికి ట, క అక్షరాలు. మనస్తత్వవేత్త కోలర్ 1929లోనే చూపించాడు. ఈ లెక్కన మాస్టారి బొమ్మ మెత్తటిదైతే “కీచు” ఆ పాప నోట రాదు. కాబట్టి పూరణ అసహజం.

చుక్కలముగ్గు: లంకె ఉన్నమాట నిజమే. 2006లో రెండున్నరేళ్ల పిల్లలతో చేసిన పరిశోధనలోనూ కనిపించింది. కానీ అక్కడ రెండు మాటలూ ముందే చేతికిచ్చి, ఏది దేనిదో చెప్పమన్నారు. పిల్లలు సొంతంగా ఏ పేరు కడతారో అది చెప్పదు. బొమ్మ కీచుమంటే ఆకారాన్ని ఎవరు పట్టించుకుంటారు?

కొత్తసభ్యుడు: నమస్కారం, నా మొదటి పూరణ. మా నాలుగేళ్లవాడికి బొమ్మల్లేవు, బుంబు అనే కనపడని నేస్తం ఉన్నాడు. రాత్రి వాడికీ దుప్పటి కప్పమంటాడు. నిజం చెప్పాలంటే కాస్త టెన్షన్‌గానే ఉంది.

మూలలోన నుండు ముచ్చటైన నేస్తం
బుంబు వచ్చె ననుచు బుడత యనియె
తల్లి పేరడుగగ తానె బుంబయి వాడు
పేరు లేని బొమ్మ పేరు పెట్టె

ప్రాసభాసురుడు: “ముచ్చటైన నేస్తం” దగ్గర కాలు జారింది నాయనా. “ముచ్చటౌ నేస్తము” అనండి, నిలబడుతుంది. మాస్టారి శిష్యులా మీరు?

మేడమీద మాస్టారు: గణం ఒక్కటే కనిపించిందా ఆయనకు! అసలు చిక్కు నాలుగో పాదంలో ఉంది. సమస్యలో పేరు పెట్టింది బొమ్మ. మీ భావంలో పెట్టింది బుంబు, పెట్టించుకున్నది బొమ్మ. ఆ “కు” ఎక్కడి నుంచి తెస్తారు? పైగా బొమ్మల్లేవని మీరే అన్నారు.

చుక్కలముగ్గు: కొత్తసభ్యుడు గారూ, టెన్షన్ వద్దు. ఓరెగన్ విశ్వవిద్యాలయానికి చెందిన మార్జొరీ టేలర్ బృందం 2004లో ప్రచురించిన అధ్యయనంలో, ఏడేళ్లు వచ్చేలోపు 65 శాతం పిల్లలకు ఇలాంటి నేస్తం ఏదో ఒక దశలో ఉన్నట్టు తేలింది. ప్రాణం పోసిన బొమ్మల్నీ ఆ లెక్కలో కలిపారు. మీవాడికి బుంబు కల్పితమని తెలుసా అన్న సందేహం ఉంటే ఆటలో గమనించండి. చాలామంది పిల్లలు “నిజంగా లేడులే” అని వాళ్లంతట వాళ్లే చెబుతారు.

మీ పద్యంలో ఓ మంచి సంగతి ఉంది: తల్లి అడిగితే వాడు బుంబై జవాబిచ్చాడు. పేరు ఆటలో అసలు కిటుకు అదే. నేను ఈమధ్య చూసిన ఇంట్లో అమ్మ చెక్కబొమ్మకు “స్వర్ణరేఖ” అని పెట్టింది. పాపకు మూడేళ్లు, ర ఇంకా పలకదు, స్వ నోరు తిరగదు. పాప అమ్మ ఎదుట తలూపింది గానీ ఆ పేరుతో ఒక్కసారీ పిలవలేదు. “పేరేంటి? పేరేంటి?” అని గుచ్చితే ఏదో ఒకటి అనేసి పారిపోయేది. ప్రశ్నలు మానేయమన్నాను. అమ్మ బొమ్మను దుప్పటి కింద దాచి, నేలకేసి దాని తల మెల్లగా తట్టి, “ఎవరో వచ్చారు” అని ఊరుకుంది. పాప కాసేపు చెవి పెట్టి విని “టుక్కు!” అంది. అమ్మ సరిదిద్దలేదు, మెచ్చుకోలేదు. “టుక్కూ, లోపలికి రా” అంది. మర్నాడు టుక్కు కాస్తా “టుకమ్మ” అయింది. ఆ తర్వాత మళ్లీ టుక్కు.

కొత్తసభ్యుడు: మరి ఏ పేరు నిలిచిందో ఎలా తెలుస్తుందండీ?

చుక్కలముగ్గు: మనం అడిగితే చెప్పినంత మాత్రాన నిలిచినట్టు కాదు. ఎవరూ వినడం లేదనుకున్నప్పుడు ఆ పేరుతోనే బొమ్మను తిట్టిందా, జోకొట్టిందా చూడాలి. టుక్కును అలాగే పట్టుకున్నారు. పాప వంటింటి గుమ్మం వెనక కూర్చుని “టుక్కూ, కాళ్లు ముడుచుకో, తలుపు తగులుద్ది” అంటోంది. పేరు మారితే మారనివ్వాలి. బుంబు విషయంలో ఇంకో జాగ్రత్త: వాడి గొంతుతో మీరు మాట్లాడకండి. “బుంబు అన్నం తినమన్నాడు” అన్నారో, కొందరు పిల్లలు ఆ నేస్తాన్నే వదిలేస్తారు.

కికీబూబా: చూశారా, చెక్కబొమ్మకు ట, క. నేను చెప్పిందే కదా?

చుక్కలముగ్గు: తల తడితే టుక్కుమందండీ బాబూ! సరే, నా పూరణ కూడా పెడతాను.

బొమ్మ గొంతు పాప పూని పల్కుచు నుండె
“నీకు పేర?”టన్న “నీకె” యనుచు
అమ్మకపుడు “డుబ్బి” యని ముద్దు ముద్దుగా
పేరు లేని బొమ్మ పేరు పెట్టె

మేడమీద మాస్టారు: అమ్మకే పేరు పెట్టించారు! నా కీచు, ఆయనగారి పెట్టె రెండూ దీని ముందు వెలవెలబోయాయి.

కొత్తసభ్యుడు: “బొ”కు “పూ” యతి చెల్లుతుందా అండీ?

ప్రాసభాసురుడు: చెల్లుతుంది, ఒకే వర్గం. చెల్లనిది ఱెక్కకు రేయి.

మేడమీద మాస్టారు: ఒక్కడు చూపించండి, ఱ–రలు కలిపినందుకు కవిని వెలేసినవాణ్ని!

సంచాలకుడు: బండి ఱ తగవుకు వేరే చోటు చూసుకోండి. రేపటి పాదం: “నేస్తమెవరు లేక నేస్తమాడె”. కొత్తసభ్యుడు గారూ, ఇది మీ బుంబుకు సరిగ్గా సరిపోతుంది. “కు” మాత్రం మరిచిపోకండి.