అప్‌డేట్: మా బేకరీ డిసెంబర్ పోస్టుల ప్లాన్

ఇంతకుముందు ఇక్కడ నేనడిగిన ప్రశ్న ఇది: "మాది కాలనీలో చిన్న బేకరీ, డిసెంబర్ నెలంతా ఇన్‌స్టాలో, వాట్సాప్ స్టేటస్‌లో ఏం పెట్టాలో ముందే ఎలా రాసుకోవాలి?"

మీలో ఒకరు చెప్పినట్టు 1వ తేదీ నుంచి కాకుండా వెనక నుంచి మొదలుపెట్టాను, అదే బాగా పనికొచ్చింది. గూగుల్ షీట్‌లో తేదీ, ఐటమ్, ఫొటోనా వీడియోనా, క్యాప్షన్, ఎవరు పెట్టాలి, ఇంతే కాలమ్స్. ముందు 25, 31 నింపాను. న్యూ ఇయర్ కేక్ ఆర్డర్లు 29 రాత్రికి ఆపేస్తాం కాబట్టి 28న "రేపే ఆఖరు", 26న ఫ్లేవర్లు, రేట్లు, 22న సైజులు (అర కేజీ ఎంతమందికి వస్తుందో అందరూ అడిగేది అదే). 31న అమ్మే పోస్ట్ అసలు లేదు, ఆ రోజు ఫోన్ ఎత్తడానికే టైముండదు, షాపు ఎంతవరకు తెరిచి ఉంటుందో ఒక్క స్టేటస్ చాలు. ప్లమ్ కేక్‌కి నానబెట్టిన డ్రైఫ్రూట్స్ వీడియో నెల మొదట్లోనే పెట్టేశాం, కేక్ తయారయ్యాక ఆ వీడియో తీయలేం కదా.

మిగతా వారాలకి పెద్దగా ఆలోచించలేదు. ఎగ్ పఫ్‌లు నాలుగింటికి ఓవెన్‌లోంచి వస్తాయి, అప్పుడే ట్రే ఫొటో తీసి స్టేటస్‌లో పెడతాం, పొద్దున పెడితే సాయంత్రానికి ఎవరికీ గుర్తుండదు. ఇన్‌స్టావి మాత్రం ఆదివారం రాత్రి మెటా బిజినెస్ సూట్‌లో వారానికి సరిపడా షెడ్యూల్ చేస్తున్నాం. వారానికి రెండు గళ్లు ఖాళీ, కస్టమర్ కేక్ బాగా కుదిరితే వాళ్లనడిగి, పిల్లల పేర్లు కనపడకుండా పెట్టడానికి.

ఇక సంక్రాంతికి షీట్ కాపీ చేశాను, అరిసెలు మేం అమ్మం కాబట్టి ఏం పెట్టాలో చెప్పండి.