7 ఇంటర్వ్యూలు చేశాను, నోట్స్ నిండా ఉన్నాయి, ఏం తేలిందో మాత్రం రాయలేకపోతున్నాను

లేతకొమ్మ: అందరికీ నమస్కారం. యూజర్ రీసెర్చ్ ఇంటర్న్‌గా చేరి ఐదు వారాలైంది. మొదటిసారి సొంతంగా 7 ఇంటర్వ్యూలు చేశాను, ఒక్కొక్కటి 15 నుంచి 20 నిమిషాలు. నోట్స్‌లోని ముక్కలన్నీ స్టిక్కీ నోట్ల మీద రాస్తే 94 వచ్చాయి. మధ్యాహ్నం నుంచి వాటిని గుంపులు చేస్తూనే ఉన్నాను. చివరికి నాలుగు మిగిలాయి: వాడటం తేలిక, టైమ్ లేదు, నమ్మకం, ఇతరాలు. మా మేనేజర్‌కు చూపిస్తే "ఇవి మనకు ముందే తెలుసు కదమ్మా, ఇందులో తేలిందేంటి?" అన్నారు. రేపు 11 గంటలకు రివ్యూ. చాలా టెన్షన్‌గా ఉంది. గుంపులు చేయడానికి వేరే పద్ధతి ఏమైనా ఉందా?

మూసీగట్టు: ఏం యాప్? ఎవరితో మాట్లాడారు? ఏం తెలుసుకుందామని వెళ్లారు? ఇవి చెప్పకుండా ఎవరూ ఏమీ చెప్పలేరు.

శ్రీకాకుళం_కుర్రాడు: 7 ఇంటర్వ్యూలయ్యాక కూడా ఏమీ తేలలేదంటే బాధగానే ఉంటుంది. నాకు 11వ దాంట్లో వచ్చింది. హెచ్‌ఆర్‌కు వారం ఆగి మెయిల్ పెట్టండి, వెంటనే పెడితే చులకనైపోతాం.

లేతకొమ్మ: అయ్యో, ఉద్యోగం ఇంటర్వ్యూలు కాదండి. మాది కిరాణా షాపుల వాళ్లు కస్టమర్ల బాకీలు రాసుకునే యాప్. క్రెడిట్ ఎంట్రీ చేయగానే కస్టమర్‌కు మెసేజ్ వెళ్తుంది. కూకట్‌పల్లి, మూసాపేట వైపు షాపులకు వెళ్లి మాట్లాడాను. కొంతమంది మొదటి నెల దాటగానే యాప్ ఎందుకు వదిలేస్తున్నారో తెలుసుకోమన్నారు.

లెక్కల_మాస్టారు: 7 బాగానే సరిపోతుంది. 5 మందితో మాట్లాడితే 85 శాతం సమస్యలు బయటపడతాయని యూజబిలిటీ నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లోనే చెప్పాడు. మీ గుంపులకు శాతాలు వేయండి. "71 శాతం షాపులవాళ్లకు టైమ్ లేదు" అని పెట్టి బార్ చార్ట్ వేస్తే మేనేజర్లు ప్రశ్నించరు.

డేటా_భద్రం: అంతకంటే ముందు ఒక మాట చెప్పాలి. షాపులో ఖాతా పుస్తకాన్ని ఫోటో తీశారా? అందులో కస్టమర్ల పేర్లు, ఎవరు ఎంత బాకీ అన్నది ఉంటుంది. మీరు అనుమతి అడిగింది షాపాయన్ని. పుస్తకంలో ఉన్నవాళ్లను ఎవరూ అడగలేదు. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చాక కూడా ఇలాంటి ఫోటోలు టీమ్ గ్రూపుల్లో తిరగడం చూస్తున్నాను. వాయిస్ రికార్డు చేసేముందు ఎందుకు చేస్తున్నారో, ఎప్పుడు తీసేస్తారో వాళ్ల భాషలో చెప్పాలి. ఆయన సరే అన్న మాట కూడా రికార్డులో ఉండాలి. పేర్ల బదులు షాపు 1, షాపు 2 అని రాసుకోండి. ఏ నంబరు ఎవరిదో ఉండే కాగితం నోట్స్‌తో కలపకుండా వేరే చోట పెట్టండి.

లేతకొమ్మ: రెండు షాపుల్లో పుస్తకం ఫోటో తీశాను. ఇది నాకు తట్టలేదు. ఇప్పుడే పేర్లు కనబడకుండా కత్తిరించి, అసలు ఫోటోలు తీసేస్తున్నాను. కానీ రేపటి సంగతి?

వేపచెట్టు: లేతకొమ్మ గారూ, గుంపుల సంగతి కాసేపు పక్కన పెట్టండి. ఒక్క షాపు నోట్స్ సర్దకుండా, మీరు ఎలా రాసుకున్నారో అలాగే ఇక్కడ పెట్టండి. పేర్లు మాత్రం తీసేయండి.

ఈలోగా మాస్టారి లెక్క గురించి. నీల్సన్ చెప్పిన 5 మంది లెక్క ఇంటర్‌ఫేస్‌ను పరీక్షించడం గురించి. మనుషుల చేతికి ఒక పని ఇచ్చి, వాళ్లు ఎక్కడ తడబడుతున్నారో చూసినప్పటి లెక్క అది. ఒక్కొక్కరి దగ్గర సగటున 31 శాతం సమస్యలు కనబడతాయనుకుంటే 5 మందికి 85 శాతం అవుతుంది. వాళ్ల అలవాట్ల గురించి మాట్లాడే ఇంటర్వ్యూలకు అది పనికిరాదు. పైగా 7గురిలో 5గురిని 71 శాతం అంటే, వినేవాళ్లు వందల మందిని అడిగారనుకుంటారు. "7లో 5 షాపులు" అనే రాయండి.

లెక్కల_మాస్టారు: సరే, శాతాలు వద్దు. కానీ సంఖ్య లేకుండా చెబితే ఎవరూ వినరు, అది నా అనుభవం.

లేతకొమ్మ: ఇదిగో షాపు 3, సాయంత్రం 7.40కి:

"ఒకాయన రెండు పాల ప్యాకెట్లు, బ్రెడ్ తీసుకుని 'రాసుకో అన్నా' అని వెళ్లిపోయాడు. ఓనర్ బిస్కెట్ డబ్బా అట్ట మీద పెన్నుతో రాశాడు. ఫోన్ ఛార్జింగ్‌లో ఉంది. నేను: యాప్ ఈజీగా ఉందా? ఈజీనే మేడమ్, బాగుంది. నేను: రోజూ వాడతారా? ఆ, రోజూ. నేను: క్రెడిట్ ఎంట్రీలు రోజుకెన్ని ఉంటాయి? క్రెడిటా, రోజూ ముప్పై నలభై పడతాయి. ఎంట్రీ షాపు మూశాక ఇంటి దగ్గర అబ్బాయి చేస్తాడు. మొన్న ఒకామె పొద్దున్నే గొడవకొచ్చింది, నిన్న పొద్దున తీసుకున్నదానికి రాత్రి పదకొండింటికి మెసేజ్ ఏంటి, రెండోసారి రాశావా అని."

"ఈజీనే, బాగుంది" అన్నది 'వాడటం తేలిక'లో వేశాను. గొడవ సంగతి 'ఇతరాలు'లో ఉంది.

వేపచెట్టు: తేలిన విషయం మీ 'ఇతరాలు'లోనే ఉందండి.

ఈ నోట్స్‌లో మూడు రకాల మాటలు కలిసిపోయాయి. మీరు కళ్లతో చూసినవి కొన్ని: అట్ట మీద రాయడం, ఫోన్ ఛార్జింగ్‌లో ఉండటం. ఆయన తనంతట తాను చెప్పినవి కొన్ని: రాత్రి అబ్బాయి ఎక్కించడం, ఆమె గొడవ. మీరు నోట్లో పెట్టి చెప్పించినవి కొన్ని: "ఈజీగా ఉందా" అంటే "ఈజీనే" అన్నాడు. గిరాకీ టైమ్‌లో కౌంటర్ దగ్గర నిలబడిన అమ్మాయికి ఎవరైనా అదే చెబుతారు. మూడో రకాన్ని పూర్తిగా పక్కన పెట్టండి. 94లో ఎన్ని మిగులుతాయో చూడండి.

మిగిలినవాటిని మీ ప్రశ్నల వరుసలో పేర్చకండి, అలా పేరిస్తే మీ ప్రశ్నలే మళ్లీ గుంపులుగా వస్తాయి. సరుకు చేతులు మారిన క్షణం నుంచి మెసేజ్ వెళ్లేదాకా ఏం జరిగిందో ఆ వరుసలో పేర్చండి. ఒక కాగితం మీద ఏడు అడ్డగీతలు గీయండి, షాపుకొకటి. మొదట ఎక్కడ రాశారు, యాప్‌లోకి ఎవరు ఎక్కించారు, ఎప్పుడు, తర్వాత ఏమైంది. తెలియని గడి ఖాళీగా వదిలేయండి, ఊహించి నింపకండి.

ఇంకొకటి, "క్రెడిట్" అన్న మాట. బ్యాంకు మెసేజ్‌లో క్రెడిట్ అయిందంటే డబ్బు వచ్చిందని. ఆయన చెప్పిన ముప్పై నలభై, ఫోన్‌కు వచ్చే పేమెంట్లు అయ్యుండొచ్చు. ఆ అంకె వాడకండి. ఆ షాపుల్లో ఉద్దెర అంటారు, మీరూ అదే అడగాల్సింది.

కృష్ణాతీరం: ఉద్దెర అంటే మా వైపు ఎవరికీ అర్థం కాదు. అరువు అనాలి. తెలుగులో సరైన మాట అదే.

మూసీగట్టు: షాపులు మూసాపేటలో ఉన్నాయి.

కృష్ణాతీరం: హైదరాబాద్‌లో అన్ని ఊళ్లవాళ్లూ షాపులు నడుపుతున్నారు. మా బాబాయిది కూకట్‌పల్లిలోనే కొట్టు, ఆయన "ఖాతా" అంటాడు. యాప్‌లో ఒకే మాట పెడితే సగం మందికి తప్పవుతుంది.

వేపచెట్టు: అందుకే మాట వాళ్లనే ముందు అననివ్వాలి. "ఇందాక ఆయన డబ్బులివ్వకుండా వెళ్లారు కదా, దాన్ని మీరేమంటారు?" అని అడిగి, ఆ తర్వాత ఆ మాటే వాడాలి.

లేతకొమ్మ: గంటన్నర పట్టింది. 94లో 41 మిగిలాయి. 7లో 5 షాపులు మొదట కాగితం మీదే రాస్తున్నాయి, ఆ ఐదూ రాత్రి షాపు మూశాకే ఎక్కిస్తున్నాయి. వాటిలో మూడు షాపుల్లో ఎక్కించేది ఓనర్ కాదు, కొడుకో భార్యో. ఒక షాపులో ఆవిడే కౌంటర్‌లో కూర్చుని అప్పటికప్పుడు కొడుతున్నారు. ఒకటి నేను అడగలేదు, ఖాళీ. మెసేజ్ వల్ల గొడవ అని 2 షాపులు వాటంతట అవే చెప్పాయి, రెండూ రాత్రి ఎక్కించేవే. మిగతావాళ్లను అడగాలని నాకు తోచలేదు.

వేపచెట్టు: చాలు. ఇప్పుడు ఒక్క వాక్యంలో కాకపోయినా రెండు మూడింట్లో వస్తుంది. నేనైతే ఇలా రాస్తాను:

"మేం కలిసిన 7లో 5 షాపుల్లో ఉద్దెర ఇచ్చినప్పుడు కాగితం మీదే రాస్తున్నారు, యాప్‌లోకి ఎక్కేది రాత్రి షాపు మూశాక. అందువల్ల కస్టమర్‌కు మెసేజ్ సరుకు తీసుకున్న చాలా గంటలకు చేరుతోంది. 2 షాపుల్లో దాన్ని రెండోసారి రాసిన బాకీ అనుకుని కస్టమర్లు గొడవకు వచ్చారు."

కింద షాపు 3 ఆయన మాట ఒక్కటి, ఆయన అన్నట్టుగానే పెట్టండి. "టైమ్ లేదు" అన్న గుంపుకీ దీనికీ తేడా చూడండి. అది విన్నాక టీమ్ చేయగలిగింది ఏమీ లేదు. ఇది విన్నాక మెసేజ్‌లో సరుకు తీసుకున్న తేదీ, పూట వేయాలా అన్న చర్చ మొదలవుతుంది. ఆ సలహాను మాత్రం ఇందులో కలపకండి, వేరే స్లయిడ్‌లో పెట్టండి. సలహా నచ్చనివాళ్లు దానితోపాటు తేలినదాన్ని కూడా కొట్టేస్తారు.

మాస్టారు అడిగిన సంఖ్య కూడా దొరుకుతుంది. ఎంట్రీలు ఏ గంటలో పడుతున్నాయో మీ డేటా టీమ్ దగ్గర ఉంటుంది. అన్ని షాపులకూ రాత్రి పది తర్వాత ఎంత భాగం పడుతోందో అడగండి. శాతం వేయాల్సింది అక్కడ.

చివరిగా, ఈ 7 షాపుల లిస్టు ఎవరిచ్చారు?

లేతకొమ్మ: సేల్స్ వాళ్లు. బాగా మాట్లాడతారని ఇచ్చారు. అందరూ ఇప్పటికీ వాడుతున్నవాళ్లే.

మూసీగట్టు: వదిలేసినవాళ్లు ఒక్కరూ లేరు. ఎందుకు వదిలేస్తున్నారన్నది ఎలా తెలుస్తుంది?

వేపచెట్టు: తెలియదు. రివ్యూలో అది మొదటి స్లయిడ్‌లోనే చెప్పండి, ఎవరో అడిగేదాకా ఆగకండి. "వాడుతున్నవాళ్లు ఎలా వాడుతున్నారో తెలిసింది, వదిలేసినవాళ్లతో ఇంకా మాట్లాడలేదు" అని. ఈ గొడవల వల్లే వదిలేస్తున్నారని మాత్రం రాయకండి, అది ప్రస్తుతానికి మీ అనుమానం. వదిలేసిన షాపుల లిస్టు అడిగి, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య వెళ్లండి, గిరాకీ తక్కువ ఉంటుంది. "ఎందుకు వదిలేశారు" అంటే టైమ్ లేదంటారు. "చివరిసారి యాప్ తెరిచిన రోజు ఏమైంది" అని అడగండి. బయటికొచ్చాక, తర్వాతి షాపుకు వెళ్లకముందే పది నిమిషాలు ఆగి నోట్స్ నింపుకోండి.

లెక్కల_మాస్టారు: వదిలేసి రెండు నెలలైన మనిషికి చివరి రోజు ఏం గుర్తుంటుంది? కట్టుకథ చెబుతాడు.

వేపచెట్టు: నిజమే, అందుకే ఈమధ్య, రెండు వారాల్లోపు వదిలినవాళ్లనే ఎంచుకోవాలి. అప్పటికీ కొంత పోతుంది.

డేటా_భద్రం: వదిలేసినవాళ్ల నంబర్లు సేల్స్ నుంచి తీసుకునేటప్పుడు, రీసెర్చ్ కోసం ఫోన్ చేయడానికి వాళ్లు ఒప్పుకున్నారో లేదో చూసుకోండి.

కృష్ణాతీరం: యాప్‌లో అరువు అని పెట్టమని కూడా రాయండి.

లేతకొమ్మ: రివ్యూ అయింది. మెసేజ్ స్లయిడ్ దగ్గరే అరగంట మాట్లాడుకున్నారు. వదిలేసినవాళ్ల లిస్టు ఇంకా ఇవ్వలేదు, అడుగుతున్నాను. వేపచెట్టు గారికి, అందరికీ థాంక్స్. ఒక్కటి మాత్రం తేల్చుకోలేకపోతున్నాను: ఎంట్రీ చేసేది కొడుకో భార్యో అయినప్పుడు, ఈసారి ఇంటర్వ్యూ ఎవరితో చేయాలి?